రాజ్యం పనిముట్టే అయితే యజమానులకు గిట్టని చట్టాలు ఎలా వచ్చాయి?

ప్రశ్న: "మార్క్సిస్టులు రాజ్యం అంటే పాలక వర్గం చేతిలో పనిముట్టు అంటారు. లిబరల్స్ ఏమో అందరికీ మధ్యవర్తి అంటారు. నిజంగా యజమానుల పనిముట్టే అయితే పని గంటలు తగ్గించే చట్టాలు, యూనియన్ హక్కులు ఎలా వచ్చాయి? అంటే మార్క్స్ తప్పు, లిబరల్స్ కరెక్ట్ అనుకోవచ్చా?"

అలా అనుకోలేమండి. ఆ చట్టాలు వచ్చాయన్న ఒక్క కారణంతో మార్క్స్ వాదన పడిపోదు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. 1867లో అచ్చయిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం మీద చాలా పొడవైన అధ్యాయం ఉంది. అందులో సగానికి సగం మీరు అడిగిన విషయమే. కాకపోతే 'పనిముట్టు' అంటే యజమాని చేతిలో సుత్తి లాంటిది, ఎటు కొట్టమంటే అటు కొడుతుంది అని అర్థం చేసుకుంటే మాత్రం ఆ వాదన నిలబడదు. 'మధ్యవర్తి' అన్న మాటను అక్షరాలా తీసుకుంటే లిబరల్ వాదనా నిలబడదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా పాలిటికల్ సైన్స్ చెబుతున్నాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. మొదట్లో నేను 'మార్క్సిస్టు అంటే బలప్రయోగం, లిబరల్ అంటే సమ్మతి' అని రెండు కాలమ్స్ గీసి చెప్పేసేవాణ్ణి. పరీక్షకు పనికొచ్చేది కానీ అందులో పస లేదు. తర్వాత ఆ టేబుల్ మానేసి ఒకే దేశం, ఒకే కాలం తీసుకుని రెండు వాదనలనూ దాని మీద పరీక్షించడం మొదలుపెట్టాను. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ అందుకు బాగా సరిపోతుంది. మార్క్స్ తన వాదనకు ఆధారాలు తీసుకున్నదీ అక్కడి నుంచే, లిబరల్స్ తమ విజయంగా చెప్పుకునేదీ ఆ దేశాన్నే.

ముందు యజమానుల వైపు నిస్సిగ్గుగా ఒరిగిన చట్టం ఒకటి చూద్దాం. దాన్ని మాస్టర్ అండ్ సర్వెంట్ చట్టం అంటారు. ఇందులో బాగా వాడకంలో ఉన్నది 1823 నాటిది. యజమానికీ పనివాడికీ మధ్య పని ఒప్పందం ఉంటుంది కదా. గడువు తీరకుండా పనివాడు పని మానేస్తే అది నేరం. మేజిస్ట్రేట్ అతణ్ణి మూడు నెలల దాకా జైలుకు పంపొచ్చు. అదే యజమాని ఒప్పందం తప్పితే, అంటే జీతం ఎగ్గొడితే, అది సివిల్ తగాదా. పనివాడు తనకు రావాల్సిన డబ్బు కోసం దావా వేసుకోవాలి. ఒప్పందం ఒకటే, దాన్ని మీరితే మాత్రం ఒకరికి జైలు, ఇంకొకరికి బాకీ.

ఇదేదో కాగితాల మీద మిగిలిపోయిన చట్టం కాదు. 1850ల చివర నుంచి 1875 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లో దీని కింద ఏడాదికి సుమారు 10,000 కేసులు నడిచాయి. ఈ కేసులు విన్న స్థానిక మేజిస్ట్రేట్లు జీతం లేని పెద్దమనుషులు. భూస్వాములు, మిల్లు యజమానులు, గనుల యజమానులు, వాళ్ల బంధువులు అందులో ఉండేవారు. పనిముట్టు వాదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక్కడ ఒక సరదా సంగతి. ఓ ఏడాది క్లాసులో నేను ఇదే మార్క్సిస్టు దృష్టి అని చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు ఒకడు లేచి, "సార్, ఇది ఆడమ్ స్మిత్ కూడా అన్నాడు కదా" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. 1776 నాటి పుస్తకంలోనే స్మిత్ చెప్పాడు, ఆస్తి రక్షణ కోసం పుట్టినంత మేరకు ప్రభుత్వం అసలు పని పేదల నుంచి ధనికులను కాపాడటమేనని. యజమానులకూ పనివాళ్లకూ తగాదా వస్తే చట్టసభకు సలహాదారులు ఎప్పుడూ యజమానులేనని కూడా రాశాడు. అంటే రాజ్యం ధనికుల వైపు మొగ్గుతుందన్న గమనింపు మార్క్స్ సొంతం కాదు. లిబరల్ సంప్రదాయంలో తెలివైనవాళ్లకు అది ముందే తెలుసు. తేడా ఎక్కడంటే, స్మిత్ లాంటివాళ్లకు అది సరిదిద్దుకోదగ్గ వంకర. మార్క్స్‌కు అది రాజ్యం పుట్టుకలోనే ఉన్న లక్షణం. రాజ్యాన్ని ధనికులు పాడుచేశారని ఆయన అనడు. వర్గాలు ఉన్నచోట ఆ తగవు సమాజాన్ని చీల్చేయకుండా అణిచి ఉంచడానికి పుట్టినదే రాజ్యం అని ఆయన సహచరుడు ఎంగెల్స్ రాశాడు. ఆ పని చేస్తున్నంత కాలం అది పై వర్గం ఆస్తిని కాపాడక తప్పదు.

ఇక మీరు అడిగిన అసలు విషయం, పని గంటల చట్టం. కథ కొంచెం మెలికలు తిరిగి ఉంటుంది, ఓపిక పట్టండి.

1833 ఫ్యాక్టరీ చట్టం పిల్లల పని గంటలకు హద్దులు పెట్టింది. అంతకుముందూ చట్టాలు ఉన్నాయి కానీ అమలు చేసే నాథుడు లేడు. 1833లో కొత్తగా వచ్చింది ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థ. మొత్తం దేశానికి నలుగురే ఇన్‌స్పెక్టర్లు, కానీ వాళ్లకు జీతం ప్రభుత్వానిది, స్థానిక యజమానులది కాదు. 1844లో ఆడవాళ్లను కూడా చట్టం పరిధిలోకి తెచ్చి 12 గంటల హద్దు పెట్టారు. 1847లో వచ్చిందే పది గంటల చట్టం. ఆడవాళ్లకూ, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకూ 1848 మే 1 నుంచి రోజుకు పది గంటలే. మగవాళ్ల గురించి చట్టం నోరెత్తలేదు. కానీ ఆడవాళ్లు, పిల్లలు లేకుండా మిల్లు నడవదు కాబట్టి వాళ్ల గంటలు తగ్గితే మగవాళ్లవీ తగ్గుతాయన్న లెక్క అందరికీ తెలుసు.

ఇప్పుడు చూడండి. అప్పటికి ఫ్యాక్టరీ కార్మికుల్లో దాదాపు ఎవరికీ ఓటు లేదు. 1832 సంస్కరణ తర్వాత ఓటు వచ్చింది ఆస్తి ఉన్న మధ్యతరగతి మగవాళ్లకే. మిల్లు యజమానుల్లో ఎక్కువమంది ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అయినా పార్లమెంటు పాస్ చేసింది. ఎలా?

ఒక జవాబు ఇది. అంతకు ముందు ఏడాది, 1846లో, ధాన్యం దిగుమతి సుంకాలను రద్దు చేశారు. మిల్లు యజమానులు అడిగింది అదే, భూస్వాములకు దెబ్బ తగిలింది. కడుపుమంటతో ఉన్న భూస్వామి సభ్యులు చాలామంది మరుసటి ఏడాది పది గంటల బిల్లుకు ఓటేశారు. అంటే ఆస్తిపరులు ఒకే ముద్ద కాదు, అందులో రెండు ముఠాలు తన్నుకుంటే మధ్యలో కార్మికులకు కొంత చోటు దొరికింది. దీన్ని ఎలా చదవాలో మార్క్స్, ఎంగెల్స్‌ల మాటల్లోనే తేడా కనిపిస్తుంది. 1850లో ఎంగెల్స్ రాసిన వ్యాసాల్లో ఇది వెనకబడిన భూస్వామి వర్గం పరిశ్రమ మీద తీర్చుకున్న కక్షలా కనిపిస్తుంది. 1864లో కార్మికుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ ప్రారంభ ప్రసంగంలో మార్క్స్ దీన్నే కార్మిక వర్గం సాధించిన సూత్రబద్ధమైన విజయం అన్నాడు. మధ్యతరగతి అర్థశాస్త్రం మొదటిసారి బాహాటంగా ఓడిపోయిందని లెక్కకట్టాడు. కాబట్టి 'మార్క్సిస్టు దృష్టిలో రాజ్యం కార్మికులకు ఏమీ ఇవ్వదు' అని ఎవరైనా రాస్తే ఈ ప్రసంగం చూపించండి.

రెండో జవాబు ఇంకా లోతైనది, నాకు బాగా నచ్చేది కూడా ఇదే. ఒక మిల్లు యజమాని మంచివాడే అనుకోండి, గంటలు తగ్గించాలని ఉంది. తగ్గిస్తే పక్క మిల్లు వాడు చవగ్గా అమ్మి ఇతణ్ణి మూయించేస్తాడు. అందరూ ఇలాగే ఆలోచిస్తే పదేళ్లలో పనివాళ్ల ఆరోగ్యమే పాడైపోతుంది, రేపు పనికొచ్చే తరమే మిగలదు. ఒక్కొక్కరికీ లాభమైనది అందరికీ కలిపి నష్టం. దీన్ని ఏ యజమానీ సొంతంగా ఆపలేడు, అందరి మీదా ఒకేసారి పడే చట్టం కావాలి. తర్వాతి రోజుల్లో ఎంగెల్స్ రాజ్యాన్ని యావత్తు పెట్టుబడికి ఒక ఊహాత్మక యజమానిగా చెప్పింది ఈ అర్థంలోనే. 1848 కమ్యూనిస్టు మానిఫెస్టోలో రాజ్యపు కార్యనిర్వాహక విభాగం మొత్తం బూర్జువా వర్గపు ఉమ్మడి వ్యవహారాలు చూసే కమిటీ అని ఉంటుంది కదా. చాలామంది 'కమిటీ' దగ్గర ఆగిపోతారు. అసలు మాట 'ఉమ్మడి'. ఉమ్మడి వ్యవహారం చూడాలంటే విడివిడి యజమానులతో గొడవ పడక తప్పదు. చట్టాన్ని పాటించిన యజమానులు కొందరు పాటించని వాళ్ల మీద కఠినంగా ఉండమని తామే అడిగారు, పోటీలో తాము నష్టపోతున్నామని.

పాస్ అయ్యాక ఏం జరిగిందన్నది అంతకంటే ముఖ్యం. క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

చట్టం పది గంటలు అంది కానీ ఆ పది గంటలు వరసగా ఉండాలని స్పష్టంగా అనలేదు. చట్టం ఒప్పుకున్న పగలు పొద్దున ఐదున్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, అంటే 15 గంటలు. యజమానులు మిల్లును 15 గంటలూ నడుపుతూ, పనివాళ్లను ముక్కలు ముక్కలుగా పిలిచేవారు. గంట పని, అర గంట ఖాళీ, మళ్లీ రెండు గంటలు, ఇలా. దీన్ని రిలే పద్ధతి అన్నారు. మనిషి రోజంతా మిల్లు చుట్టూ తిరగాల్సిందే, లెక్కలో మాత్రం పది గంటలే. ఎవరు ఎప్పుడు ఎన్ని గంటలు చేశారో ఇన్‌స్పెక్టర్‌కు తేల్చడం అసాధ్యం.

ఇన్‌స్పెక్టర్లు కేసులు పెట్టారు. 1848 ఆగస్టు 5న హోం మంత్రి వాళ్లకు సర్క్యులర్ పంపాడు, రిలే పద్ధతి విషయంలో కేసులు పెట్టకండని. స్కాట్లండ్ చూసే ఇన్‌స్పెక్టర్ సరేనన్నాడు. ఇంగ్లండ్ ఇన్‌స్పెక్టర్లు మాత్రం చట్టాన్ని ఆపే అధికారం మంత్రికి లేదన్నారు. వాళ్లలో ముఖ్యుడు లియొనార్డ్ హోర్నర్, లాంకషైర్ మిల్లులు ఆయన పరిధిలోవి. ఆయన కేసులు పెడుతూనే ఉన్నాడు, మేజిస్ట్రేట్లు కొట్టేస్తూనే ఉన్నారు.

స్టాక్‌పోర్ట్ పట్టణంలో జరిగింది మార్క్స్ తన అధ్యాయంలో చెబుతాడు. నూలు మిల్లు యజమాని ఒకడు తన మిల్లుకు రిలే పథకం తయారుచేసి ఇన్‌స్పెక్టర్‌కు చూపించాడు, కుదరదన్నారు. ఊరుకున్నాడు. కొన్ని నెలలకు ఇంకో మిల్లు యజమాని సరిగ్గా అదే పథకం అమలు చేసి కోర్టుకు వచ్చాడు. బెంచి మీద నలుగురు మేజిస్ట్రేట్లు, అందులో ముగ్గురు నూలు మిల్లు యజమానులు, వాళ్లకు పెద్ద మన మొదటి పెద్దమనిషే. ముద్దాయిని వదిలేశాడు. ఆ తీర్పే ఆధారంగా తన మిల్లులోనూ పథకం పెట్టేశాడు. ఇలాంటి కేసుల్లో మిల్లు యజమానులు న్యాయం చెప్పకూడదని అంతకు చాలా ఏళ్ల ముందే చట్టం ఉంది, అంటే ఆ బెంచి కూర్చోవడమే చట్టవిరుద్ధం.

చివరికి 1850 ఫిబ్రవరిలో లండన్‌లో పై స్థాయి కోర్టు ఒకటి, కోర్ట్ ఆఫ్ ఎక్స్‌చెకర్, చట్టంలో మాటలు సరిగా లేవు కాబట్టి రిలే పద్ధతి చెల్లుతుందని తీర్పు చెప్పింది. పది గంటల చట్టం ఆ దెబ్బకు చచ్చినట్టే. కార్మికులు మండిపడ్డారు, సభలు పెట్టారు. ఆరు నెలల్లో, 1850 ఆగస్టులో, రాజీ చట్టం వచ్చింది. పని పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపే, మధ్యలో గంటన్నర భోజనానికి. అంటే రోజుకు పదిన్నర గంటలు, శనివారం ఏడున్నర, వారానికి మొత్తం 60. అరగంట పోగొట్టుకుని, రిలే పద్ధతిని మాత్రం పాతిపెట్టారు. గడియారం చూస్తే ఎవరైనా చెప్పగలరు, ఆరు దాటాక ఆడవాళ్లు మిల్లులో ఉంటే నేరం.

ఈ కథలో 'రాజ్యం' ఎక్కడుంది చెప్పండి. పార్లమెంటు ఒకటంటుంది, మంత్రి ఇంకొకటి, ఇన్‌స్పెక్టర్ మూడోది, స్థానిక బెంచి నాలుగోది. సుత్తి ఒక్కటైతే అది తనలో తాను తగవులాడుకోదు. అలాగని నిష్పాక్షిక మధ్యవర్తీ కనబడడు. నాకు కనబడేది ఏమిటంటే, చట్టం పైనుంచి కిందికి, అమలు దగ్గరకు వచ్చేకొద్దీ యజమానుల బరువు పెరిగింది. కాబట్టి ఏ చట్టం గురించైనా రెండు సిద్ధాంతాల మధ్య తేల్చాలంటే చట్టం పేరు కాదు, మూడు చోట్లు చూడండి: తప్పితే ఎవరికి ఏ శిక్ష, తనిఖీ చేసేవాడికి జీతం ఎవరిది, తగవు తీర్చే కుర్చీలో ఎవరు. మాస్టర్ అండ్ సర్వెంట్ చట్టం మొదటిచోటే దొరికిపోతుంది, పది గంటల చట్టం మూడోచోట.

ఇప్పుడు లిబరల్స్ పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే వాళ్ల దగ్గర బలమైన జవాబు ఉంది.

లిబరల్ అంటే ఒకే సిద్ధాంతం కాదని ముందు గుర్తుపెట్టుకోండి. 17వ శతాబ్దం చివర ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ చెప్పింది, మనుషులు తమ ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడుకోవడానికి ఒప్పుకుని ఏర్పరచుకున్న ఉమ్మడి న్యాయమూర్తి రాజ్యమని. 20వ శతాబ్దంలో బహుళత్వవాదులు వేరే మాట అన్నారు. సమాజంలో ఎన్నో గుంపులు ఉంటాయి, ఒక్కో విషయంలో ఒక్కో గుంపు గెలుస్తుంది, అన్నిట్లో గెలిచే ఒకే వర్గం లేదు. రాబర్ట్ డాల్ 1961లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరం మీద చేసిన అధ్యయనం ఇందుకు పేరుపడింది. నగర పునర్నిర్మాణం, బడులు, పార్టీ అభ్యర్థుల ఎంపిక, ఈ మూడింట్లో నిర్ణయాలు చేసినవాళ్లు వేర్వేరు మనుషులని ఆయన తేల్చాడు.

ఇంగ్లండ్ విషయంలో లిబరల్ వాదికి బలమైన సాక్ష్యం 1875. ముందు 1867లో పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటు వచ్చింది, మొత్తం ఓటర్ల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే మాస్టర్ అండ్ సర్వెంట్ చట్టం పోయింది. దాని చోట వచ్చిన చట్టం పేరులోనే మార్పు కనబడుతుంది, ఎంప్లాయర్స్ అండ్ వర్క్‌మెన్ చట్టం. పని ఒప్పందం తప్పితే ఇక ఇద్దరికీ సివిల్ బాధ్యతే, మామూలుగా జైలు లేదు. అదే ఏడాది శాంతియుత పికెటింగ్‌కూ రక్షణ వచ్చింది. చేసింది కూడా కార్మిక పార్టీ కాదు, డిజ్రేలీ కన్సర్వేటివ్ ప్రభుత్వం. ఓట్లు కావాలి కాబట్టి చేశారు. యజమానుల దగ్గర డబ్బు, బంధుత్వాలు, బెంచీలు అన్నీ అలాగే ఉన్నాయి. మారింది ఓటర్ల జాబితా ఒక్కటే.

అందుకే నేను పిల్లలకు చెప్పేది: 1847 లిబరల్స్‌కు ఇబ్బంది, 1875 మార్క్సిస్టులకు ఇబ్బంది. ఓటే లేని వాళ్ల కోసం చట్టం వస్తే ప్రాతినిధ్యం అన్న మాటతో వివరించలేం, ఆస్తిపరుల్లో చీలికనూ, వీధుల్లో ఒత్తిడినీ, ఉమ్మడి ప్రయోజనాన్నీ తేవాలి. ఓటు రాగానే యాభై ఏళ్ల వర్గ చట్టం పడిపోతే 'యజమాని వర్గం వాడుకునే యంత్రం' అన్న మాట చాలదు.

దానికి మార్క్సిస్టులు ఏమంటారు? ఒప్పందం తప్పితే జైలు అన్న నిబంధన పోయినా ఒప్పందం మాత్రం పోలేదు కదా అంటారు. పనివాడికి ఆస్తి లేదు, పని చేయకపోతే తిండి లేదు, కాబట్టి సివిల్ చట్టమే చాలు, జైలు అక్కర్లేదు. ముడి బలం అవసరం లేని స్థాయికి వ్యవస్థ ఎదిగిందనడానికి అది గుర్తు అంటారు. వాదన తెలివైనదే. కానీ ఇక్కడే నాకు చిరాకు కూడా. చట్టం యజమానులకు మేలు చేస్తే 'చూశారా, పనిముట్టు'. కీడు చేస్తే 'దీర్ఘకాలంలో వాళ్లకే మేలు'. అలా అయితే ఏ సంఘటన జరిగితే ఈ సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటారు? విద్యార్థులు రాసే మార్క్సిస్టు వ్యాసాల్లో నేను ఎక్కువగా మార్కులు తగ్గించేది ఈ చోటే. లిబరల్ వ్యాసాల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. ఎవరు గెలిచినా 'గుంపుల పోటీ ఫలితం' అనేయడం. ఓడినవాళ్లు పదిసార్లకు పదిసార్లూ ఒకే వైపు వాళ్లయినా సరే.

పనిముట్టు అన్నా, ఎవరి చేతిలో ఉందో ముఖ్యం కాదనే మార్క్సిస్టులూ ఉన్నారు. దీని విత్తనం మార్క్స్ దగ్గరే ఉంది. 1851 డిసెంబర్ 2న ఫ్రాన్స్‌లో లూయీ బోనపార్ట్ సైన్యంతో పార్లమెంటును రద్దు చేసి అధికారం లాక్కున్నాడు. అక్కడి బూర్జువా వర్గపు సొంత ప్రతినిధులు జైళ్లకు వెళ్లారు. రాజ్యం ఎవరి చేతిలో ఉన్నట్టు? మార్క్స్ మరుసటి ఏడాదే దాని మీద రాశాడు. తన డబ్బు సంచిని కాపాడుకోవడానికి ఆ వర్గం రాజకీయ అధికారాన్ని తానే వదులుకుందని, రాజ్యం అందరికీ పైన నిలబడినట్టు కనిపిస్తోందని అన్నాడు. అంటే పాలించే మనుషులు ఆ వర్గం వాళ్లు కానక్కర్లేదు.

ఈ దారపు పోగునే 1960ల చివర ఇద్దరు మార్క్సిస్టు పండితులు, రాల్ఫ్ మిలిబాండ్, నికోస్ పులాంట్సాస్, చెరో వైపు పట్టుకుని లాగారు. మిలిబాండ్ పై అధికారులు, మంత్రులు, కంపెనీల పెద్దలు ఒకే రకం ఇళ్లల్లో, బడుల్లో పెరిగినవాళ్లని చూపించాడు. పులాంట్సాస్ అది అసలు విషయమే కాదన్నాడు. ఎవరు కూర్చున్నా ఆ కుర్చీ చేయించే పని మారదు, అందుకే రాజ్యానికి కొంత స్వతంత్రత ఉంటుంది, ఆ స్వతంత్రతతోనే మొత్తం వ్యవస్థను నిలబెడుతుంది అని.

పులాంట్సాస్ రాత చదవడం నరకం, ఒప్పుకుంటాను. అందుకని ఒక సంఘటనతో చెబుతాను. 1981 మేలో ఫ్రాన్స్‌లో సోషలిస్టు మిత్తరాఁ అధ్యక్షుడయ్యాడు. జూన్ నుంచి మంత్రివర్గంలో నలుగురు కమ్యూనిస్టులు కూడా ఉన్నారు. కనీస వేతనం పెంచారు, పెద్ద బ్యాంకులనూ కొన్ని భారీ పరిశ్రమలనూ జాతీయం చేశారు. కుర్చీల్లో యజమానుల మనుషులు లేరు. అయినా పెట్టుబడి బయటికి పోవడం, దిగుమతులు పెరగడం, కరెన్సీ మీద ఒత్తిడి మొదలయ్యాయి. 1981 అక్టోబర్, 1982 జూన్, 1983 మార్చి, మూడుసార్లు ఫ్రాంక్ విలువ తగ్గించారు. మూడోసారితో పాటు ఖర్చులు బిగించి దారి మార్చుకున్నారు. ఎవరూ ఫోన్ చేసి బెదిరించక్కర్లేదు. పెట్టుబడి పెట్టాలా వద్దా అనే నిర్ణయం ప్రైవేటు చేతుల్లో ఉన్నంత కాలం పన్నులూ ఉద్యోగాలూ దాని మీదే ఆధారపడతాయి. ఎన్నికైన ఏ ప్రభుత్వమైనా ఆ నిర్ణయాలకు భయపడాలి.

లిబరల్ ఆర్థికవేత్త ఒప్పుకోడు. చుట్టుపక్కల దేశాలు బిగిస్తుంటే ఒక్క ఫ్రాన్సే ఖర్చు పెంచితే ఆ డిమాండ్ దిగుమతులకు పోతుంది, ఇది వర్గ పాలన కాదు, లెక్కల తప్పు అంటాడు. అందులోనూ నిజం ఉంది. కానీ గమనించండి, 1977 నాటికి చార్ల్స్ లిండ్‌బ్లమ్ లాంటి బహుళత్వవాదులే వ్యాపార వర్గం మిగతా గుంపుల్లాంటిది కాదు, దానికి ప్రత్యేక స్థానం ఉందని ఒప్పుకున్నారు. ఈ చోట రెండు శిబిరాలూ చాలా దగ్గరికి వచ్చేశాయి. మిగిలిన తగవు ఒక్కటే. ఆ ప్రత్యేక స్థానాన్ని ఓటుతో, చట్టంతో తగ్గించవచ్చని లిబరల్ అంటాడు. ఆస్తి సంబంధం మారకుండా ఒక హద్దు దాటి తగ్గదని మార్క్సిస్టు అంటాడు.

నా అభిప్రాయం అడిగితే, అక్షరాలా 'పనిముట్టు' వాదం సాధారణ సిద్ధాంతంగా తప్పు. కానీ ఓటు కొద్దిమందికే ఉన్న కాలాలకూ, కింది కోర్టులూ తనిఖీ అధికారులూ స్థానిక ఆస్తిపరుల గుప్పిట్లో ఉన్న చోట్లకూ అది ఇప్పటికీ మంచి వర్ణన. హద్దుల గురించి చెప్పే రెండో రకం మార్క్సిస్టు వాదం బలమైనది, కాకపోతే హద్దు ఎక్కడుందో ముందుగా చెప్పగలిగితేనే. అంతా అయిపోయాక 'అదిగో హద్దు' అనడం కాదు.

రెండు వాదనలకూ సరిగ్గా అందని మనిషి ఒకడున్నాడు, హోర్నర్. ఆయన సోషలిస్టు కాదు, కార్మికుల ఓట్లతో ఆయనకు పని లేదు, మంత్రి వద్దన్నా వినలేదు. జీతం తీసుకునే అధికారి, తనకు అప్పగించిన చట్టాన్ని తన పనిగా పట్టుకున్నాడు. జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ దారిలో వెళ్లేవాళ్లు ఇదే అంటారు, రాజ్యపు ఉద్యోగులకు తమ సొంత నియమాలు, సొంత పట్టుదల, ఒక్కోసారి సొంత స్వార్థం ఉంటాయి, అవి ఏ వర్గం నుంచీ రావు అని. మార్క్స్ హోర్నర్‌ను మనసారా మెచ్చుకున్నాడు. కానీ అలాంటి అధికారి తన సిద్ధాంతంలో ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పలేదు.

ఈ లోటు వల్లే తర్వాత పెద్ద దెబ్బ తగిలింది. వర్గాలు పోతే రాజ్యం క్రమంగా వాడిపోతుందని ఎంగెల్స్ రాశాడు, 1917లో లెనిన్ దాన్నే పట్టుకున్నాడు. సోవియట్ యూనియన్‌లో ప్రైవేటు యజమానులు పోయారు, రాజ్యం మాత్రం వాడిపోలేదు, ఇంకా బలిసింది. పనిముట్టును పట్టుకునే యజమాని లేకపోయినా పనిముట్టే సొంతంగా నడవగలదా అని మార్క్సిస్టుల్లోనే ట్రాట్‌స్కీ మొదలు చాలామంది బుర్ర బద్దలు కొట్టుకున్నారు. మీరు రెండు వాదనలనూ పోల్చి రాస్తున్నట్టయితే ఆ చర్చను మార్క్సిజం వ్యతిరేకుల విమర్శగా కాకుండా, వాళ్ల ఇంటి తగవుగానే రాయండి.